పళని రోప్‌కారు: ఎక్కే ముందే దిగే దారి చూసుకోండి

మా కోనసీమలో ఎత్తు అంటే ఏటిగట్టే. పుట్టి పెరిగిన ఊళ్లో కొండ లేదు, గుట్ట లేదు, చివరికి చెప్పుకోదగ్గ ఎత్తుపల్లాలున్న రోడ్డు కూడా లేదు. అరవై ఏళ్లు పల్లపు నేల మీద నడిచిన మోకాళ్లను ఒక్క రోజులో కొండ ఎక్కించి దించాలంటే కష్టమే. అందుకే సుబ్రహ్మణ్యేశ్వర స్వామి మొక్కు తీర్చుకోవడానికి పళని వెళ్దామనగానే మావైపు ఇళ్లలో మొదట వచ్చే మాట, "రోప్‌కారు ఉందిగా, పర్వాలేదు" అని. రోప్‌కారు ఉన్నమాట నిజమే. అయితే మీరు వెళ్లిన పూట అది నడవాలి, పైకి తీసుకెళ్లినది కిందికి కూడా తీసుకురావాలి. ఈ రెండూ మన చేతిలో ఉండవు. మా రాజోలు వైపు చుట్టాలను పళనికి చాలాసార్లు తీసుకెళ్లాను. ఇబ్బంది పడినవాళ్లలో ఎక్కువమంది ఎక్కేటప్పుడు పడలేదు, దిగేటప్పుడే పడ్డారు. ఈ మార్గదర్శి ముఖ్యంగా ఆ దిగడం గురించే.

ముందుగా కొండ సంగతి. పళని కొండ ఎత్తు నేల నుంచి సుమారు నూట యాభై మీటర్లు. పైన దండాయుధపాణి స్వామి గుడి. కొండ చుట్టూ గిరివీధి అనే ప్రదక్షిణ రోడ్డు ఉంటుంది. పైకి నాలుగు దారులు: 693 మెట్ల దారి, ఏనుగు నడవడానికి వీలుగా వేసిన ఏటవాలు దారి (అక్కడ యానై పాదై అంటారు), పట్టాల మీద పెట్టెను తాడుతో లాగే వించ్, 2004లో మొదలైన రోప్‌కారు. వించ్‌లు మూడు ఉన్నాయి, అందులో మొదటిది 1966 నాటిది. వించ్‌లో ఎనిమిది నిమిషాలు పడుతుంది, రోప్‌కారులో మూడే నిమిషాలు. వించ్ పడమటి గిరివీధిలో ఎక్కాలి. రోప్‌కారు స్టేషను ఒకచోట, మెట్ల మొదలు మరోచోట. ఈ సంగతి ఇప్పుడు చిన్నదిగా కనిపిస్తుంది, సాయంత్రానికి చాలా పెద్దదవుతుంది.

ఇంటి దగ్గరే చేయాల్సిన పని: రోజు ఎంచుకోవడం

టికెట్లు తీసుకోక ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది మరమ్మతు. పళని రోప్‌కారును ఏడాదికి ఒకసారి నెల నుంచి నెలన్నర పాటు పూర్తిగా ఆపేసి, తాడు, చక్రాలు, పెట్టెలు అన్నీ విప్పి చూస్తారు. ఈ ఆపడం ఎక్కువగా జూలై, అక్టోబరు నెలల మధ్య పడుతుంది గానీ తేదీ ఏటా ఒకటే ఉండదు. ఇది కాక నెలకొక రోజు ఆపుతారు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రెండున్నర వరకు కూడా ఆపి తనిఖీ చేస్తారు. కాబట్టి రైలు టికెట్లు తీసుకునే ముందు ఒకసారి, బయలుదేరే ముందు రోజు ఇంకొకసారి దేవస్థానానికి ఫోన్ చేసి "రోప్‌కారు నడుస్తోందా" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ముసలివాళ్లను వెయ్యి కిలోమీటర్లు తీసుకెళ్లి, గేటు దగ్గర తాళం చూపించిన కుటుంబాలు నాకు తెలుసు.

రెండోది గాలి. దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. మనకు పైరగాలి అంటే సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని అనుభవించే సుఖం. పళని దగ్గర వీచే గాలి వేరే రకం. పడమటి కనుమలు గోడలాగా నిలబడి నైరుతి గాలిని ఆపుతాయి కదా, ఆ గోడలో పాలక్కాడ్ దగ్గర సుమారు ముప్పై కిలోమీటర్ల వెడల్పున ఒక పెద్ద సందు ఉంది. కేరళ వైపు నుంచి వచ్చే గాలంతా ఆ సందులో ఇరుక్కుని, వేగం పెంచుకుని, ఇవతల పొల్లాచ్చి, ఉడుమలపేట, పళని ప్రాంతం మీదికి వస్తుంది. ఆ చుట్టుపక్కల అన్ని గాలిమరలు పాతింది అందుకే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ముఖ్యంగా మన ఆషాఢ శ్రావణాల్లో, ఈ గాలి రోజుల తరబడి వీస్తుంది. ఆడి మాసపు గాలికి సన్నికల్లు కూడా ఎగిరిపోతుందని తమిళులు ఊరికే అనలేదు. వాన ఒక్క చుక్క పడకుండా, ఆకాశం నిర్మలంగా ఉన్నా, రోప్‌కారు ఆగిపోవడానికి కారణం ఇదే. మనవాళ్లు ఆకాశం వైపు చూసి, "మబ్బే లేదు, ఎందుకు ఆపారు?" అని అడుగుతారు. చూడాల్సింది మబ్బును కాదు.

సంక్రాంతి వెళ్లాక మాఘం చివరి నుంచి చైత్రం మొదటి వరకు గాలి నెమ్మదిగా ఉంటుంది. అయితే తైపూసం, పంగుని ఉత్తరం ఆ నెలల చుట్టూనే వస్తాయి. ఆ ఉత్సవాల చుట్టూ ఒక వారం పాటు మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లకండి. కార్తికం నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు శబరిమల దారిలో పళని చూసుకుని వెళ్తారు, వాళ్లలో మన గోదావరి జిల్లాలవాళ్లే బోలెడంత మంది. ప్రతి నెల కృత్తికా నక్షత్రం రోజు, శని ఆదివారాలు కూడా రద్దీయే. ఇవన్నీ తీసేస్తే మిగిలేవి ఉత్సవం దగ్గరలో లేని సోమ, బుధ, గురువారాలు. మంగళవారం స్వామికి ప్రీతి అని ఆ రోజు కూడా జనం వస్తారు. నన్నడిగితే బుధవారం వెళ్తాను.

ప్రయాణం గురించి ఒక్క మాటే. చెన్నై సెంట్రల్ నుంచి పాలక్కాడ్ వెళ్లే రాత్రి రైలు పళని మీదుగా వెళ్తుంది, ఉదయానికి దించుతుంది. కోయంబత్తూరు దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి పొల్లాచ్చి, ఉడుమలపేట మీదుగా బస్సులో వెళ్లేవాళ్లకు దారిలోనే గాలి సంగతి తెలిసిపోతుంది. ఆ దారంతా మన కోనసీమ లాగే కొబ్బరితోటలు. గాలిమర రెక్కలను చూసి అంచనా వేయకండి, గాలి పెరిగినా అవి ఇంచుమించు అదే వేగంతో తిరుగుతాయి. కొబ్బరి మట్టల్ని చూడండి. మట్టలు అటూ ఇటూ ఊగుతుంటే మామూలు గాలి. అన్ని మట్టలూ ఒకే వైపుకు దువ్వినట్టు వంగి, తిరిగి లేవకుండా అలాగే ఉంటే ఆ రోజు రోప్‌కారును నమ్ముకోవద్దు. కొబ్బరిచెట్టు చూసి గాలి చెప్పడం మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు కదా.

కొండ కింద: ఫోను, చెప్పులు, కలుసుకునే చోటు

2023 అక్టోబరు నుంచి పళని కొండ మీదికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. కింద కౌంటర్లలో డబ్బు కట్టి భద్రపరచుకోవాలి. మెట్ల దగ్గర, వించ్ దగ్గర, రోప్‌కారు దగ్గర వేర్వేరుగా ఆ కౌంటర్లు ఉంటాయి. చిక్కు ఇక్కడే. రోప్‌కారు స్టేషనులో ఫోన్లు పెట్టి, గాలికి కారు ఆగిపోతే మెట్ల మీదుగా దిగి, మళ్లీ గిరివీధి చుట్టూ తిరిగి ఫోన్ల కోసం రావాలి. చెప్పులదీ అదే కథ. అలసిన కాళ్లతో, చెప్పులు లేకుండా, ఎండకు కాలిన రోడ్డు మీద ఆ నడక కొండ దిగడం కంటే బాధాకరం.

అందుకని ఫోన్లు, చెప్పులు గదిలోనే వదిలేయండి, లేదా వచ్చిన బండిలో ఉంచండి. గది కొండకు దగ్గరలో దొరికితే గది నుంచే చెప్పులు లేకుండా బయలుదేరితే సరి. గిరివీధిలోకి బయటి వాహనాలను రానివ్వరు, దేవస్థానం బ్యాటరీ కార్లు తిరుగుతుంటాయి.

ఫోన్లు లేవంటే విడిపోయినవాళ్లను పిలిచే దారి లేదని అర్థం. కనుక కొండ ఎక్కక ముందే రెండు చోట్లు అనుకోండి. పైన ఒకటి, కింద ఒకటి. పైన రోప్‌కారు స్టేషను గుమ్మం కాకుండా కాస్త నీడ ఉన్న చోటు చూసుకోండి, ఎందుకంటే ఆగిపోయిన రోజు ఆ గుమ్మం దగ్గర నిలబడే చోటుండదు. కిందిది పాద వినాయకుడి గుడి. మెట్ల మొదట్లో ఉంటుంది, ఎవరినడిగినా చెబుతారు, తమిళం రాకపోయినా 'పాద వినాయగర్' అంటే చాలు. అందరి చేతా ఆ రెండు పేర్లు ఒకసారి పలికించండి. పిల్లల చేతా, పెద్దల చేతా.

వెంట ఉండాల్సినవి కొన్నే. పూట మందులు, చిన్న నీళ్ల సీసా, ముసలివాళ్లకు ఒక బిస్కెట్ పొట్లం, భుజానికి తగిలించుకునే గుడ్డ సంచి ఒకటి. చేతి సంచి వద్దు. దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, ఒకటి కటకటాలకు, ఒకటి పక్కవాళ్ల భుజానికి.

క్యూలో నిలబడ్డాక: లెక్క చూసుకోవడం

రోప్‌కారు ఉదయం ఏడింటికి మొదలవుతుంది. వీలైతే ఆరున్నరకే అక్కడ ఉండండి. వీలు కాకపోతే క్యూలో చేరగానే చేయాల్సిన పని ఒకటుంది. ఎంతసేపు పడుతుందని పక్కవాళ్లను అడగకండి, మీరే లెక్కపెట్టండి.

ఈ రోప్‌కారులో పెట్టెలు ఆగకుండా తిరుగుతూ ఉండవు. నలుగురు కూర్చునే చిన్న పెట్టెలు కొన్ని గుంపుగా తాడుకు బిగించి ఉంటాయి. ఒక గుంపు కింద ఉంటే ఇంకో గుంపు పైన ఉంటుంది. రెండు చోట్లా జనం ఎక్కాక తాడు కదులుతుంది, ఇవి పైకి, అవి కిందికి. చేరాక ఆగుతుంది, దిగుతారు, ఎక్కుతారు. కాబట్టి మూడు నిమిషాల ప్రయాణానికి ఎక్కే దిగే సమయం కలుపుకోవాలి. ఒకరు చెంగు సర్దుకుంటూ ఆలస్యం చేస్తే అందరికీ ఆలస్యమే. తాడు వేగం ఒక్కటే చూసి లెక్కవేస్తే తప్పుతుంది. పది నిమిషాల్లో మొత్తం ఎంతమంది లోపలికి వెళ్లారో చూడాలి.

మేము కిందటిసారి తొమ్మిది మందిమి వెళ్లాం. ఆషాఢం చివర్లో, వద్దని నేనే పైన రాసిన రోజుల్లోనే. బావగారి సెలవులు అప్పుడే కుదిరాయి మరి. పదకొండూ ఇరవైకి క్యూలో చేరాం. పది నిమిషాలు చూస్తే రెండు విడతల్లో ముప్పై మంది వెళ్లారు. మా ముందు ఎంతమంది ఉన్నారో తెలుసుకోవడానికి తలలు లెక్కపెట్టనక్కర్లేదు. కటకటాల రెండు స్తంభాల మధ్య ఎనిమిది మంది పడుతున్నారు, మాకూ గేటుకూ మధ్య అలాంటి ఖాళీలు ఇరవై ఒకటి. అంటే ఇంచుమించు నూట డెబ్బై మంది. ముప్పైకి పది నిమిషాలు చొప్పున యాభై ఏడు నిమిషాలు. పన్నెండున్నరకు లోపలికి వెళ్తాం, ఒంటిగంటన్నర విరామానికి ముందే. కాబట్టి నిలబడ్డాం. ఆ లెక్క రెండున్నర గంటలు అని వచ్చి ఉంటే మా వంతు రాకముందే విరామం పడేది, మొత్తం మూడున్నర గంటలు అయ్యేది. అలా వస్తే ఆలోచించకుండా వించ్ వైపు వెళ్లిపోవాలి.

వించ్ క్యూను కూడా ఇదే విధంగా లెక్కపెట్టవచ్చు. గాలి ప్రభావం వించ్ మీద అంతగా ఉండదు, నేల మీది పట్టాలే కదా. కాలు సరిగా లేని పెద్దవాళ్లకు రెండింటిలో ఏది మంచిదని నన్ను అడిగితే, గాలి నెలల్లో వించే అంటాను. వేగం తక్కువైనా అది సాయంత్రం కూడా ఉంటుందన్న ధీమా ఎక్కువ.

ఇంకొక మాట. రోప్‌కారు టికెట్టు దర్శనం టికెట్టు కాదు. పైకి చేరాక దర్శనానికి వేరే క్యూ, ఉచితమైతే ఒకటి, డబ్బు కట్టేది మరొకటి. రోప్‌కారు టికెట్టు కూడా ఒక దారికే. దిగడానికి పైన మళ్లీ తీసుకోవాలి, మళ్లీ నిలబడాలి. అంటే ఆ రోజు మీకు క్యూలు మూడు. ముసలివాళ్ల ఓపికను మొదటి దానిలోనే ఖర్చుపెట్టేయకండి.

పెట్టెలో

ఎక్కేటప్పుడు పెద్దవాళ్లను ముందు కూర్చోబెట్టి, చీర చెంగు, పంచె కొస లోపలికి లాక్కోమని చెప్పండి. ఎదురెదురుగా బరువు సమానంగా పడేలా కూర్చోవాలి, ఒకేవైపు ఒరిగి ఫలానా గోపురం చూడాలని లేవకూడదు. స్తంభం మీది చక్రాలను దాటేటప్పుడు పెట్టె ఒకసారి కుదుపుతుంది. అది తప్పు కాదు, ప్రతిసారీ ఉంటుంది. ముందే చెబితే మొదటిసారి ఎక్కేవాళ్లు భయపడరు.

మధ్యలో ఆగితే? చాలాసార్లు పైనో కిందో ఎవరో ఎక్కడంలో తడబడి, ఆపరేటరు ఆపుతాడు, నిమిషంలో కదులుతుంది. కరెంటు పోతే అత్యవసరానికి ఉంచిన ఇంజను మీద నెమ్మదిగా లాగుతారు. ఈ సమయంలో చేయాల్సింది కదలకుండా కూర్చోవడం. తలుపు ముట్టుకోకూడదు, కంగారుపడి లేచి నిలబడకూడదు. గాలికి ఊగే పెట్టెను మన కదలిక ఇంకా ఊపుతుంది.

గాలి వస్తే ఎందుకు ఆపుతారో ఇక్కడ తెలుసుకోవడం మంచిది. తాడు తెగుతుందన్న భయంతో కాదు. పెట్టె పక్కకు ఊగి స్తంభానికి తగలకూడదు, తాడు చక్రాల గాడిలోంచి తప్పుకోకూడదు. బరువున్న పెట్టె కంటే ఖాళీ పెట్టె గాలికి ఎక్కువ ఊగుతుంది. అందుకే జనం తక్కువున్నారు కదా, వదిలేయవచ్చు కదా అని ఆపరేటరుతో వాదించడంలో అర్థం లేదు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య గోదావరి మీద వరద ఉద్ధృతంగా ఉన్నప్పుడు పంటు ఆపేస్తే మనం రేవులో వాదించం కదా. ఇదీ అంతే. పిడుగుల సమయంలో కూడా ఆపుతారు. కొండ మీద ఎత్తుగా నిలబడ్డ ఇనుము కదా ఆ స్తంభాలు.

పైన: ఎప్పుడు దిగాలో నిర్ణయించుకోవడం

దర్శనం అయిపోగానే మనవాళ్లకు ప్రసాదాలు, పంచామృతం, మండపంలో కాసేపు కూర్చోవడం ఉంటాయి. కూర్చోండి, అందుకే వచ్చాం. అయితే రోజుకు ఒకరిని గాలి చూడమని కేటాయించండి. మా ఇంట్లో ఆ పని మా చిన్నాన్న కొడుకుది. గుడి మీది జెండా గుడ్డ, కొట్ల ముందు కట్టిన పరదాలు, ఆగి ఉన్న పెట్టెలు. జెండా విప్పారి, పడి, విప్పారితే ఫరవాలేదు. పరదాలు ఆగకుండా చప్పుడు చేస్తూ, జెండా కర్రకు సూటిగా నిలబడిపోతే ఇక దర్శనానంతర విశ్రాంతి మానుకుని క్యూలోకి వెళ్లాలి.

సాయంత్రం బంగారు రథం ఊరేగింపు చూసి దిగుదామనుకునేవారికి హెచ్చరిక: ఊరేగింపు అయిన వెంటనే అందరూ ఒకేసారి దిగడానికి వస్తారు. రోప్‌కారు రాత్రి తొమ్మిదింటికి ముగుస్తుంది. రథం చూడాలనుకుంటే మెట్లో, ఏనుగు దారో మీ దారి అని ముందే తేల్చుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లు మాత్రం రథానికి ముందే దిగిపోవాలి.

మా ప్రయాణంలో రెండూ నలభైకి దర్శనం ముగిసింది. మూడింటికి దిగే క్యూలో నిలబడ్డాం. మూడూ పదికి తాడు ఆగింది. పెట్టెలన్నీ స్టేషనులోకి చేరాకే ఆపారు, గాలిలో ఎవరూ ఇరుక్కోలేదు. మైకులో తమిళంలో ఏదో చెప్పారు, అర్థమైంది 'కాట్రు', అంటే గాలి, ఒక్కటే. కౌంటరు మూసేశారు. అది గమనించండి: తాడు ఆగినా టికెట్లు ఇస్తూనే ఉంటే ఆగింది కాసేపటికే అని అర్థం. కౌంటరే మూశారంటే వాళ్లకే నమ్మకం లేదు.

నేను పెట్టుకున్న నియమం ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు చూసి, తాడు కదలకపోతే, ఇక దాన్ని మరచిపోవాలి. ఆగిన రోప్‌కారు ముందు రెండు గంటలు నిలబడ్డవాళ్లు చివరికి అలసిన కాళ్లతో చీకట్లో మెట్లు దిగుతారు. అంతకంటే వెలుగుండగానే దిగడం మేలు. ఆ ఇరవై నిమిషాలు కూడా అందరూ నిలబడనక్కర్లేదు. ఒకరు క్యూలో ఉంటే ఒకరు వెళ్లి వించ్ క్యూ ఎంతుందో చూసి రావాలి. రోప్‌కారు ఆగితే వించ్ క్యూ అరగంటలో రెండింతలవుతుంది.

మా అత్తయ్యకు అరవై ఎనిమిదేళ్లు, కుడి మోకాలు అరిగిపోయింది. "నేనూ మెల్లగా దిగుతాలే నాయనా, మీ అందరితో" అన్నారు.

"వద్దు అత్తయ్యా, ఎక్కడం కంటే దిగడమే మోకాలికి బరువు. మీరు బావగారితో వించ్‌లో రండి. ఆలస్యమైనా కూర్చునే వస్తారు. మేం వినాయకుడి గుడి దగ్గర ఉంటాం" అన్నాను.

ఇది ఆమెను ఊరడించడానికి చెప్పిన మాట కాదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, ఆగితే తగ్గుతుంది. దిగేటప్పుడు ఆయాసం ఉండదు, అందుకే సులువనిపిస్తుంది. కానీ ప్రతి మెట్టు దగ్గరా శరీరం బరువంతా కింది కాలి మీద పడుతుంది, తొడ కండరం సాగుతూనే ఆ బరువును పట్టి ఆపాలి. రెండు వందల మెట్ల తర్వాత ఆ కండరం అలసిపోయి, బరువు నేరుగా మోకాలి కీలు మీద పడుతుంది. కాళ్లు వణకడం మొదలైందంటే ఆ దశ వచ్చిందన్నమాట.

దిగే నడక

మెట్లా, ఏనుగు దారా? మోకాళ్లకు ఏనుగు దారే మంచిది. ఏటవాలుగా, వెడల్పుగా, మెలికలు తిరుగుతూ ఉంటుంది. దూరం ఎక్కువ, కానీ ఒక్కో అడుగులో దిగే ఎత్తు తక్కువ. అయితే రద్దీ రోజుల్లో ఏనుగు దారిని ఎక్కడానికి, మెట్ల దారిని దిగడానికి అని ఒకవైపు దారులుగా చేస్తారు. అప్పుడు ఏనుగు దారిలో దిగనివ్వరు. పైనే కాపలావాళ్లను అడిగి బయలుదేరండి, సగం దూరం వెళ్లి వెనక్కి ఎక్కాల్సి రావడం కంటే ఘోరం లేదు.

మెట్ల మీద దిగాల్సి వస్తే నేరుగా దిగకండి. కాస్త పక్కకు తిరిగి, వాలుగా, ఒక అంచు నుంచి ఇంకో అంచుకు దిగండి. నొప్పి ఉన్న కాలును ముందు కిందికి దించి, మంచి కాలును దాని పక్కకు తీసుకురావాలి. ఒక్కో మెట్టుకు రెండు పాదాలూ ఆనాలి. ఎక్కేటప్పుడు దీనికి తలకిందులు, మంచి కాలు ముందు. అరికాలు మొత్తం మెట్టు మీద పడాలి, మునివేళ్ల మీద దిగితే పిక్కలు పట్టేస్తాయి. యాభై, అరవై మెట్లకొకసారి, అలసట రాకపోయినా, ఆగండి. అలసట వచ్చాక ఆగితే ఆలస్యమైనట్టే.

వాన పడితే ఇంకో చిక్కు. వేల పాదాలు నడిచి నున్నబడిన రాళ్ల మీద, ఒలికిన పంచామృతం, కొబ్బరినీళ్ల మీద వాన పడితే పాచి పట్టిన మన చెరువు మెట్లలాగే ఉంటుంది. మధ్యలో నడవకుండా కటకటాల పక్కనే నడవాలి. ఎండ రోజైతే మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర వరకు రాయి కాలుతుంది, నీడ ఉన్న వైపే దిగాలి.

మా వాళ్లు ఏడుగురం ఏనుగు దారిలో దిగాం, ఆ రోజు దిగనిచ్చారు. మూడున్నరకు బయలుదేరాం. మా పిన్నికి ఏ నొప్పీ లేదు, ముందుగా చకచకా దిగింది. సగానికి వచ్చేసరికి కటకటాలు పట్టుకుని నిలబడిపోయింది. ఎడమ చేతిలో పంచామృతం డబ్బాల సంచి, కుడి చేత్తో కొంగు. కాళ్లు చూస్తే మోకాలి పైన కండరం చర్మం కింద సన్నగా అదురుతోంది, చీర కుచ్చిళ్లు కూడా ఆ అదురుకు కదులుతున్నాయి. కూర్చోబెట్టి, బిస్కెట్లు, నీళ్లు ఇచ్చి, డబ్బాలను నా భుజం సంచిలోకి మార్చుకున్నాను. పది నిమిషాల్లో అదురు తగ్గింది. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, పక్కకు తిరిగి, అడుగులో అడుగు వేస్తూ దిగింది. మొత్తం యాభై నిమిషాలు పట్టింది.

కింద రోప్‌కారు స్టేషనులో మా ఫోన్లు ఉన్నాయి. గదిలో పెట్టమని పైన రాసిన సలహా ఆ రోజు నేర్చుకున్నదే. తమ్ముడొకడు బ్యాటరీ కారులో చుట్టూ తిరిగి వాటిని తీసుకొచ్చాడు. అప్పటికి నాలుగూ ముప్పావు. వించ్‌లో వచ్చేవాళ్లు ఇంకా రాలేదు, ఫోన్ చేద్దామంటే వాళ్ల దగ్గర ఫోన్లు లేవు. అనుకున్న చోటే కూర్చున్నాం.

అయిదున్నర దాటాక పడమటి వైపు నుంచి వచ్చిన బ్యాటరీ కారులోంచి అత్తయ్య, బావగారు దిగారు. గంటా ముప్పావు నిలబడ్డామని బావగారు చెప్పారు. క్యూలో ఎవరో తమిళావిడ అత్తయ్యకు మెట్టు మీద చోటిచ్చి కూర్చోబెట్టిందట. అత్తయ్య మా దగ్గరికి రాకుండా నేరుగా పాద వినాయకుడి ముందుకు వెళ్లారు. పొద్దున రోప్‌కారు ఎక్కే హడావుడిలో ఈ గుడికి రాలేదు కదా, ముందు ఆయనకు మొక్కకుండానే పైకి వెళ్లిపోయామని రోజంతా మనసులో పెట్టుకున్నారట. చేతిలో మిగిలిన ఒక్క కొబ్బరికాయను అక్కడ కొట్టి, చిప్ప పట్టుకుని వచ్చి, పిన్ని కాళ్ల దగ్గర కూర్చుంటూ, "నొప్పిగా ఉందా?" అని అడిగారు.